విమానంలో ఎండేది ఒళ్లు కాదు.. ముక్కూ గొంతూ!

వేసవి సెలవులు మొదలయ్యాయంటే కర్నూలు, కడప ఇళ్లలో పెద్ద సూట్‌కేసులు అటక మీంచి దిగుతాయి. పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు ఆరు నెలల కోసం బయల్దేరుతారు. రాయచోటి, రాజంపేట వైపు ఊళ్ల నుంచి కువైట్ వెళ్లినవాళ్లు సెలవు మీద ఇంటికి వస్తారు. ఆ రోజుల్లో మా ఓపీలో ఒక ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. ‘‘విమానం దిగినప్పటి నుంచి గొంతు ఎండుకుపోతోంది సార్. పొడి దగ్గు. రాత్రి నిద్ర లేదు’’ అంటారు. వాళ్లలో చాలామంది చేతిలో అప్పటికే మందుల దుకాణంలో కొన్న యాంటీబయాటిక్ స్ట్రిప్పు, దగ్గు సిరప్పు సీసా ఉంటాయి. దిగి రెండు రోజులు కూడా గడిచి ఉండవు.

ఈ దగ్గుల్లో ఎక్కువ భాగానికి మందు అక్కర్లేదన్నది నా అభిప్రాయం. దాన్ని రాకుండా చూసుకోవడమూ కష్టం కాదు. కాకపోతే అందరూ చెప్పే సలహా ‘నీళ్లు బాగా తాగండి’ ఒక్కటే. అది తప్పు కాదు కానీ, అసలు విషయాన్ని పక్కన పెట్టేస్తుంది. విమానంలో ఎండేది మన ఒళ్లు కాదు. ముక్కు, గొంతు లోపలి పొర. కాపాడుకోవాల్సింది దాన్ని.

మన ఎండ వేరు, ఆ పొడి వేరు

ఈ మాట చెబితే మనవాళ్లు నవ్వుతారు. ‘‘మేం కర్నూలోళ్లం సార్. రోహిణి కార్తె ఎండలే తట్టుకున్నాం. ఏసీ గాలి మమ్మల్నేం చేస్తాది?’’ అంటారు. మాట సహజమే. రాయలసీమ గాలి పొడిగా ఉంటుందన్నదీ నిజమే. కానీ చిన్న లెక్క వేసి చూడండి.

ఏప్రిల్ మధ్యాహ్నం కర్నూలులో 40 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం అనుకుందాం. వేడి గాలికి తడిని పట్టుకునే శక్తి ఎక్కువ. కాబట్టి ఆ 20 శాతమే ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 10 గ్రాముల నీటి ఆవిరి అవుతుంది. సుదూర ప్రయాణాల్లో విమానం లోపల ఉష్ణోగ్రత 22, 23 డిగ్రీలు, తేమ సాధారణంగా 10 నుంచి 20 శాతం. ఒక్కోసారి పదికంటే కూడా తగ్గుతుంది. 12 శాతం అనుకుంటే అదే ఘనపు మీటరు గాలిలో ఉండేది రెండున్నర గ్రాముల లోపే. అంటే నడివేసవిలో మన కొండారెడ్డి బురుజు దగ్గర నిలబడి పీల్చే గాలిలో, విమానంలోని చల్లటి గాలికంటే నాలుగు రెట్లు తడి ఉంటుంది! వేడిగా లేదు కాబట్టి ఆ పొడి మనకు తెలియదు. చెమట పట్టదు, దాహం గుర్తుకు రాదు. గొంతు మంట మొదలయ్యేదాకా అనుమానం కూడా రాదు.

మన ఇళ్లలో ఇంకో రక్షణ ఉంది. సీమలో చాలా ఇళ్లలో వేసవికి తిరిగేది కూలర్. అది గడ్డి పలకల మీద నీళ్లు పోసుకుని గదికి తడి గాలిని పంపుతుంది. ఏసీ చేసేది దీనికి పూర్తిగా విరుద్ధం. గాలిలోని తడిని నీళ్లుగా మార్చి పైపు ద్వారా బయటికి పంపేస్తుంది. కాబట్టి ఎండకు అలవాటు పడ్డ ఒంటికి ఆ గాలి కూడా అలవాటేనని అనుకోవడానికి వీల్లేదు.

ఆ గాలి ఎందుకంత పొడిగా ఉంటుంది?

సుదూర విమానాలు 35 వేల నుంచి 40 వేల అడుగుల ఎత్తులో ఎగురుతాయి. అక్కడ బయటి ఉష్ణోగ్రత సున్నాకు 50 డిగ్రీలు దిగువన ఉంటుంది. అంత చల్లటి గాలిలో తడి దాదాపు ఉండదు. ఆ గాలినే లోపలికి తీసుకుని, ఒత్తిడి పెంచి, ఉష్ణోగ్రత సరిచేసి మనకు ఇస్తారు. చాలా విమానాల్లో మనం పీల్చే గాలిలో సుమారు సగం ఇలా బయటి నుంచి వచ్చిందే. మిగతా సగం లోపలి గాలినే హెపా ఫిల్టర్లతో వడకట్టి మళ్లీ పంపేది. గంటకు 20 నుంచి 30 సార్లు గాలి మారుతుంది. క్రిముల విషయంలో ఇది మంచిదే. తడి విషయంలో మాత్రం నష్టం.

మరి ఆ కాస్త తడి అయినా ఎక్కడిది? ఎక్కువగా మనదే. ప్రయాణికుల ఊపిరి నుంచి, చర్మం నుంచి వచ్చిన ఆవిరి అది. అందుకే నిండుగా ఉన్న ఎకానమీ క్లాసులో గాలి కాస్త నయం. మనుషులు తక్కువ, స్థలం ఎక్కువ ఉన్న బిజినెస్ క్లాసులో ఇంకా పొడిగా ఉంటుంది. ‘అబ్బాయి బిజినెస్ క్లాసులో టికెట్ తీశాడు, ఇక ఇబ్బంది లేదు’ అనుకోవడానికి కాళ్ల విషయంలోనే వీలుంది, గొంతు విషయంలో లేదు. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఎ350 లాంటి కొత్త విమానాల్లో తేమ కొంత మెరుగే అయినా, ముక్కుకు హాయిగా అనిపించే స్థాయి కాదు.

నీళ్లు తాగితే చాలదా?

ఇక్కడే ఇంకో లెక్క. మనం పీల్చిన గాలి ఊపిరితిత్తులకు చేరేసరికి 37 డిగ్రీల వేడితో, పూర్తిగా తడిసి ఉండాలి. అంటే ఘనపు మీటరుకు 44 గ్రాముల నీరు. కర్నూలు గాలికి మన ముక్కు 34 గ్రాములు కలిపితే సరిపోతుంది. విమానంలో 41, 42 గ్రాములు కలపాలి. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి సుమారు ఏడు లీటర్ల గాలి పీలుస్తాడు. 16 గంటల ప్రయాణంలో అది ఏడు ఘనపు మీటర్లకు కాస్త తక్కువ. ఈ అంకెలు కలిపి చూస్తే, ఊపిరి వల్ల అదనంగా పోయే నీరు 50 మిల్లీలీటర్లకు మించదు. చిన్న టీ గ్లాసుడు కూడా కాదు! చర్మం నుంచి ఆవిరయ్యేది కలుపుకున్నా మామూలు నీళ్ల గ్లాసు దాటదు. పొలంలో ఒక గంట నిలబడితే చెమట రూపంలో పోయేది దీనికంటే ఎక్కువ.

కాబట్టి ‘విమానంలో ఒంట్లో నీళ్లు ఇంకిపోతాయి, నాలుగు లీటర్లు తాగాలి’ అన్న మాటకు ఆధారం లేదు. పోయేది కొంచెమే. కానీ అది పోయే చోటు చిన్నది. ముక్కు, గొంతు లోపల వేలిముద్రంత పలుచని తడి పొర మీంచి, ఆగకుండా, గంటల తరబడి పోతుంది. కడుపులోకి వెళ్లిన నీరు ఆ పొరను నేరుగా తడపదు. పంట ఎండుతున్నది గట్టు మీద అయితే, చెరువు నింపినంత మాత్రాన గట్టు తడవదు కదా!

అలాగని తాగడం మానమని కాదు. మన అమ్మలు చేసే పని అదే. బాత్రూముకు లేవాలంటే పక్కవాళ్లను లేపాలని, ఆ చిన్న గదిలో ఇబ్బందని, ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచే నీళ్లు మానేస్తారు. కర్నూలు నుంచి శంషాబాద్ దాకా కారులో మూడు, నాలుగు గంటలు, విమానాశ్రయంలో ఇంకో మూడు, నాలుగు గంటలు ఇలాగే గడుస్తాయి. అప్పుడు నిజంగానే ఒంట్లో నీళ్లు తగ్గుతాయి, లాలాజలం చిక్కబడుతుంది, మూత్రంలో మంట మొదలవుతుంది. అది విమానం చేసింది కాదు, మనం చేసుకున్నది.

ముక్కు చేసే పని నోరు చేయలేదు

ముక్కు లోపలి దారి వంపులు వంపులుగా ఉంటుంది. గాలి ఆ వంపుల్ని రాసుకుంటూ పోయేటప్పుడు వేడెక్కుతుంది, తడిసిపోతుంది. ఊపిరి వదిలేటప్పుడు ఆ తడిలో కొంత భాగాన్ని ముక్కు మళ్లీ తనలోకి లాక్కుని దాచుకుంటుంది. నోటికి ఈ ఏర్పాటు లేదు. నోటితో పీల్చిన పొడి గాలి నేరుగా గొంతు వెనక గోడకు తగులుతుంది, వదిలినప్పుడు తడినంతా పట్టుకుపోతుంది.

మనం మెలకువగా ఉన్నంతసేపు చాలావరకు ముక్కుతోనే పీలుస్తాం. కూర్చునే నిద్రపోయినప్పుడు తల వెనక్కో, పక్కకో వాలి, కింది దవడ జారి, నోరు తెరుచుకుంటుంది. ముక్కు దిబ్బడ ఉన్నవాళ్లకైతే వేరే దారే ఉండదు. విమానంలో నిద్ర లేవగానే నాలుక అంగిట్లో అతుక్కుపోయి, గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు ఉండటానికి కారణం ఇదే.

తర్వాత దగ్గు ఎందుకొస్తుంది? ముక్కు, శ్వాసనాళాల లోపల పలుచని జిగట పొర, దాని కింద కంటికి కనిపించని సన్నని నూగు ఉంటాయి. ఆ నూగు అలల్లా ఊగుతూ దుమ్మునూ, క్రిములనూ గొంతు వైపు నెట్టేస్తూ ఉంటుంది. పొర ఎండితే జిగట గట్టిపడుతుంది, నూగు కదలిక మందగిస్తుంది. గట్టిపడ్డ జిగట గొంతు దగ్గర ఆగుతుంది. అక్కడి నరాల కొసలు చురుక్కుమంటాయి. దగ్గు వస్తుంది. దగ్గిన ప్రతిసారీ ఎండిన పొర ఇంకాస్త రేగుతుంది. రేగితే మళ్లీ దగ్గు. ఈ చక్రం తిరగడం మొదలైతే దిగాక కూడా ఒకటి రెండు రోజులు ఆగదు.

కర్నూలు నుంచి డాలస్ దాకా

ఒక దంపతుల ప్రయాణాన్ని ఊహించుకుందాం. ఆయన వయసు 64, బీపీకి మాత్ర వేసుకుంటారు. ఆమెకు 60, దుమ్ము తగిలితే తుమ్ములు, ముక్కు దిబ్బడ. కర్నూలు నుంచి కారులో ఏసీ వేసుకుని శంషాబాద్. అక్కడ నాలుగు గంటలు ఏసీలో. గల్ఫ్ నగరానికి నాలుగున్నర గంటల విమానం. అక్కడ మూడు గంటల నిరీక్షణ. ఆ తర్వాత డాలస్‌కు 16 గంటలు. మొత్తం లెక్కేస్తే 30 గంటలకు పైగా వాళ్లు పీల్చేది యంత్రాలు ఎండబెట్టిన గాలే. ఇందులో ఏ భాగంలో ఏం చేయాలో వరసగా చూద్దాం.

రెండు వారాల ముందు: ముక్కు దారి తెరవాలి. ఆమె విషయంలో అసలు చికిత్స ఇక్కడే ఉంది. ముక్కు దిబ్బడతో విమానం ఎక్కితే 16 గంటలూ నోటితోనే పీలుస్తారు. అలర్జీ దిబ్బడకు ఫ్లూటికసోన్, మొమెటసోన్ లాంటి స్టిరాయిడ్ స్ప్రేలు బాగా పనిచేస్తాయి. అయితే ఇవి కొట్టగానే తెరుచుకునే మందులు కావు. పూర్తి ఫలితానికి కొన్ని రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. కాబట్టి టికెట్ తీసిన వెంటనే డాక్టరును కలవండి, బయల్దేరే ముందు రోజు కాదు. వెంటనే దిబ్బడ విప్పే ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ చుక్కలు వేరే రకం. అవి ముక్కును ఎండబెడతాయి. నాలుగైదు రోజులు దాటి వాడితే దిబ్బడ రెట్టింపై తిరిగి వస్తుంది.

ఆయన బీపీ మాత్ర పేరు చూడాలి. రామిప్రిల్, ఎనలాప్రిల్, పెరిండోప్రిల్, లిసినోప్రిల్.. ఇలా ‘ప్రిల్’తో ముగిసే మందులు మంచివే. కానీ వాడేవారిలో పదిమందికి ఒకరి దాకా పొడి దగ్గు తెస్తాయి. గొంతులో గరగర, రాత్రిళ్లు దగ్గు, కఫం ఉండదు. ఆ దగ్గు మందు మొదలుపెట్టిన కొన్ని నెలలకు కూడా రావచ్చు. అప్పటికే గొంతు గరగరలాడుతున్నవాళ్లకు విమానం గాలి నిప్పుకు నెయ్యి తోడైనట్టే. దిగాక దగ్గు తగ్గకపోతే నింద విమానం మీదికి పోతుంది, మాత్ర తప్పించుకుంటుంది. ముందే దగ్గు ఉంటే డాక్టరుకు చెప్పండి. దాదాపు దగ్గు తేని టెల్మిసార్టన్ లాంటి మందుకు మార్చే వీలుంది. మీ అంతట మీరు మాత్ర మానేయడం మాత్రం వద్దు.

విమానంలో: నాలుగు పనులు

మొదటిది, ముక్కును నేరుగా తడపడం. సెలైన్ అంటే ఉప్పు నీటి చుక్కలు లేదా స్ప్రే. చిన్న సీసా. చేతి సంచిలో ద్రవాలకు ఉండే 100 మిల్లీలీటర్ల పరిమితిలోపే వస్తుంది. మెలకువగా ఉన్నంతసేపు రెండు గంటలకోసారి ఒక్కో రంధ్రంలో రెండు చుక్కలు. పడుకోబోయే ముందు, లేవగానే తప్పనిసరి. ఇందులో మందేమీ లేదు. బీపీ, షుగరు ఉన్నవాళ్లూ, గర్భిణులూ, చిన్న పిల్లలూ వాడుకోవచ్చు. ఒకరి సీసా ఇంకొకరు వాడొద్దు. కొళాయి నీళ్లలో ఉప్పు కలిపి ముక్కులో పోసుకోవద్దు. ఇంట్లో కొందరు ముక్కులో నెయ్యి, నూనె చుక్కలు వేసుకుంటారు. అవి పడుకున్నప్పుడు ఊపిరితిత్తుల్లోకి జారి ఒక రకం న్యుమోనియా తెచ్చే ప్రమాదం ఉంది. పెదవులకు రాసుకోండి, ముక్కులో పోసుకోకండి.

రెండోది, మాస్కు. నా దృష్టిలో అన్నిటికంటే చవకైన, అన్నిటికంటే తక్కువ వాడుతున్న సాధనం ఇదే. మనం వదిలే ఊపిరి పూర్తి తడితో ఉంటుంది కదా. మాస్కు ఆ తడిలో కొంత పట్టి ఉంచి, మళ్లీ పీల్చేటప్పుడు మనకే ఇస్తుంది. ముక్కు ముందు చిన్న తడి గది కట్టుకున్నట్టు అన్నమాట. మామూలు సర్జికల్ మాస్కు చాలు. అది నచ్చనివాళ్లు పలుచని నూలు తువ్వాలో, చీర కొంగో ముక్కు మీదుగా వదులుగా కప్పుకున్నా కొంత ఫలితం ఉంటుంది. నిద్రపోయేటప్పుడు తప్పక పెట్టుకోండి, నోరు తెరుచుకునేది అప్పుడే. నాలుగైదు గంటలకు తేమెక్కి బరువుగా అనిపిస్తే మార్చేయండి. ఒక మనిషికి నాలుగు పెట్టుకుంటే ప్రయాణమంతా సరిపోతాయి. పక్కవాళ్ల దగ్గు, జలుబు నుంచి రక్షణ అదనపు లాభం.

మూడోది, మెడ. తల వెనక్కి వాలితే నోరు తెరుచుకుంటుంది. మెడ దిండును చాలామంది వెనక వైపు లావుగా పెట్టుకుంటారు. దాంతో తల ముందుకు తోసుకొస్తుంది, గడ్డం జారుతుంది. లావు భాగం ముందుకు, గడ్డం కింద ఆనేలా పెట్టి చూడండి. దవడకు ఆసరా దొరికి నోరు మూసి ఉంటుంది. తల మీదున్న గాలి గొట్టాన్ని ముఖం మీదికి కాకుండా పక్కకు తిప్పండి. నోటికి టేపు అంటించుకునే పద్ధతి ఒకటి ఈమధ్య ప్రచారంలో ఉంది. ముక్కు దిబ్బడ, గురక ఉన్నవాళ్లకు అది ప్రమాదం. వాంతి వస్తే ఇంకా ప్రమాదం. వద్దు.

నాలుగోది, గుక్కెడు గుక్కెడు. ఒక్కసారి అర లీటరు తాగితే బాత్రూముకే పోతుంది. మెలకువగా ఉన్నప్పుడు పావుగంటకో, ఇరవై నిమిషాలకో ఒక గుక్క. గంటకు సగం గ్లాసు, ముప్పావు గ్లాసు. ఈ గుక్క పని దాహం తీర్చడం కాదు, గొంతు తడపడం. భద్రతా తనిఖీ దాటేదాకా ఖాళీ సీసా తీసుకెళ్లి, లోపల నింపుకోండి. గోరువెచ్చటి నీళ్లు అడిగితే ఇస్తారు. నోట్లో పటికబెల్లం పలుకో, యాలక్కాయో, లవంగమో పెట్టుకుంటే లాలాజలం ఊరుతుంది. షుగరు ఉన్నవాళ్లు పటికబెల్లం వదిలేయాలి. గుండె బలహీనత, కిడ్నీ జబ్బు ఉండి రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని డాక్టరు చెప్పినవాళ్లు ఆ కొలత దాటొద్దు. వాళ్లకు సెలైన్, మాస్కు చాలు. అమ్మలకు నడవా పక్క సీటు ముందే తీసిపెట్టండి. ఎవరినీ లేపక్కర్లేదని తెలిస్తేనే నీళ్లు తాగుతారు.

మద్యం తాగితే నిద్ర మొద్దుబారి నోరు ఇంకా తెరుచుకుంటుంది, మూత్రమూ ఎక్కువ పోతుంది. నిండా తిని వెంటనే సీటు వెనక్కి వాల్చినా ఇబ్బందే. పుల్లటి త్రేన్పు గొంతులోకి ఎగజిమ్మి ఎండిన పొరను మండిస్తుంది. తిన్నాక గంటన్నర, రెండు గంటలు నిటారుగా కూర్చోండి.

మందుల సంచిలో ఉండకూడనివి

పిల్లలు ఫోన్లో చెప్పారని, పక్కింటివాళ్లు పెట్టుకున్నారని తీసుకెళ్లే మందుల్లో గొంతుకు చెరుపు చేసేవే ఎక్కువ. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ ముక్కు నీటిని ఆపుతుంది. అంటే తడిని ఆరబెడుతుంది. కారే ముక్కుకు అది మేలు, ఎండిన ముక్కుకు కాదు. నిద్ర పడుతుందని విమానంలో దాన్నే వేసుకునేవాళ్లు ఉన్నారు. పొద్దున లేచేసరికి నోరు, గొంతు రెండింతలు ఎండుతాయి. ప్రోస్టేట్ వాపు ఉన్న పెద్దవాళ్లకు మూత్రం బిగుసుకుపోవచ్చు కూడా. ముక్కు దిబ్బడకు కలిపే ఫినైలెఫ్రిన్ బీపీని పెంచగలదు.

గల్ఫ్ వెళ్లేవాళ్లు, గల్ఫ్ మీదుగా వెళ్లేవాళ్లు ఇంకో మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. కొన్ని దగ్గు సిరప్పుల్లో కోడీన్ ఉంటుంది. గల్ఫ్ దేశాల్లో అది నియంత్రిత మత్తు పదార్థం. నొప్పికి వాడే ట్రమడాల్ కూడా అంతే. మన దగ్గర డాక్టరు రాసిందే అయినా, అనుమతి పత్రాలు లేకుండా అక్కడ సంచిలో దొరికితే జైలు దాకా పోవచ్చు. దగ్గు సిరప్పు సీసా మీద పేరు కాదు, లోపలున్న మందు పేరు చదివించుకోండి. అనుమానం ఉంటే ఇంట్లోనే వదిలేయండి. వాడే మిగతా మందులకు డాక్టరు చీటీ వెంట ఉంచుకోండి.

ఉబ్బసం ఉన్నవాళ్ల సంగతి వేరు. పొడి గాలి వాళ్ల శ్వాసనాళాలను బిగించగలదు. ఇన్‌హేలరు చేతి సంచిలోనే ఉండాలి, కింద వేసే సూట్‌కేసులో కాదు. రోజూ వాడే ఇన్‌హేలరును ప్రయాణం రోజున మానకూడదు.

దిగాక రెండు రోజులు

పొడి గాలి వల్ల వచ్చిన దగ్గు దానంతట అదే తగ్గే దగ్గు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తేలిక పడుతుంది. గ్లాసుడు గోరువెచ్చటి నీటిలో అర చెంచా ఉప్పు వేసి రోజుకు మూడు నాలుగు సార్లు పుక్కిలించండి. పడుకునే ముందు చెంచాడు తేనె దగ్గును నెమ్మదింపజేస్తుంది. ఏడాది లోపు పిల్లలకు తేనె ఇవ్వకూడదు. షుగరు ఉన్నవాళ్లు మానుకోవాలి. సెలైన్ చుక్కలు ఇంకో రెండు రోజులు కొనసాగించండి. దిగిన ఇంట్లో ఏసీ, శీతాకాలంలో అమెరికాలో అయితే హీటరు.. రెండూ గాలిని పొడిగా ఉంచేవే. మొదటి రెండు రాత్రులైనా వాటి గాలి నేరుగా ముఖానికి తగలకుండా పడుకోండి. మరిగే నీళ్ల గిన్నె మీద దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టడం వద్దు. గిన్నె ఒరిగి కాలిన గాయాలయ్యే ప్రమాదం ఉంది, పిల్లలున్న ఇంట్లో మరీ.

యాంటీబయాటిక్ ఈ దగ్గుకు ఏమీ చేయదు. చచ్చే క్రిమి ఇక్కడ లేదు. మూడు రోజుల్లో తగ్గిందంటే అది మాత్ర గొప్పతనం కాదు, ఎలాగూ తగ్గేదే.

ఇది పొడి గాలి దగ్గు కాదని ఎలా తెలుస్తుంది?

తేడా చెప్పే గుర్తులు సులువే. ఎండిన గొంతు దగ్గు విమానంలోనో, దిగిన రోజునో మొదలై, రోజురోజుకీ తగ్గుతుంది. జ్వరం ఉండదు. దిగిన ఒకటి, రెండు, మూడు రోజుల తర్వాత మొదలై, జ్వరం, ఒళ్లు నొప్పులు, ముక్కు కారడంతో పెరిగేది దారిలో అంటుకున్న వైరస్. అప్పుడు విశ్రాంతి తీసుకుంటూ, మిగతావాళ్లకు దూరంగా మాస్కుతో ఉండాలి. ఆయాసం, పెద్ద వయసు, షుగరు ఉంటే డాక్టరును చూడాలి. గల్ఫ్ నుంచి వచ్చిన రెండు వారాల్లోపు జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే ‘ఫలానా దేశం నుంచి వచ్చాను’ అని మొదటే చెప్పండి. అక్కడ మెర్స్ అనే కరోనా జాతి వ్యాధి ఉంది. డాక్టరు అటువైపు కూడా ఆలోచించాలి.

హఠాత్తుగా ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, కఫంలో రక్తం, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి.. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే అత్యవసర విభాగానికి వెళ్లాలి. గంటల తరబడి కదలకుండా కూర్చున్నందుకు కాలి సిరలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చు. అది దిగిన రోజే కాదు, కొన్ని వారాల దాకా రావచ్చు.

ఇక చివరిది, మన జిల్లాల్లో ఎక్కువగా దాటవేసేది. దగ్గు రెండు వారాలు దాటితే దానికి విమానాన్ని సాకుగా చెప్పకండి. కువైట్ నుంచి వచ్చిన కొడుకు దగ్గుతుంటే ‘గాలి మార్పు’ అని నెలల తరబడి సిరప్పులు తాగించే ఇళ్లు ఉన్నాయి. రెండు వారాలు దాటిన ఏ దగ్గుకైనా కఫం పరీక్ష చేయించాలన్నది మన దేశంలో పాటించే నియమం. క్షయ పరీక్ష, తేలితే చికిత్స, రెండూ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. పరీక్షలో లేదని తేలితే మంచిదే. అప్పుడు బీపీ మాత్ర, ఉబ్బసం, పుల్లటి త్రేన్పు, ముక్కు వెనక నుంచి జారే జిగట.. ఇలా ఒక్కొక్కటీ చూసుకుంటూ పోవచ్చు.

ఊరగాయల సీసాలు, పొడులు, పాతిక రకాల మాత్రలు సర్దిన సూట్‌కేసులో వీటికి కూడా చోటివ్వండి. అవి కిందికి పంపే పెట్టెలో కాదు, చేతి సంచిలో ఉండాలి: ఒక మనిషికి ఒక సెలైన్ సీసా, నాలుగు మాస్కులు, ఒక ఖాళీ నీళ్ల సీసా, నాలుగు యాలక్కాయలు. మనిషికి రెండు మూడు వందల రూపాయల్లో తేలిపోయే ఖర్చు. అమ్మానాన్నలకు టికెట్ తీసే పిల్లలు ఈ నాలుగూ గుర్తుచేస్తే, దిగిన వారం రోజులు మనవళ్లతో మాట్లాడటానికి వాళ్ల గొంతు మిగులుతుంది.

– వ్యాసకర్త ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ వైద్యులు